రోజూ చేసే పనికి జోడిస్తే మాత్ర గుర్తుంటుందా, అలారమే నయమా?

హన్మకొండ బిడ్డ: అమ్మకు థైరాయిడ్ మాత్ర రోజూ పరగడుపున వేసుకోమన్నారు. అలారం మోగితే ఆపేసి పనిలో పడుతుంది, చాయ్ తాగినంక గుర్తొస్తుంది. రోజూ చేసే పనికి జోడిస్తే అదే అలవాటవుతుందని అంటున్నారు. నిజమేనా? దేనికి జోడించాలి?

కరీంనగర్ శీను: అలారమే కరెక్ట్ తమ్మీ. 21 రోజులు ఆపకుండా మోగించు, ఆ తర్వాత అలవాటు దానంతట అదే వస్తుంది. మధ్యలో ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటి నుంచే.

భద్రకాళి కట్ట: పొద్దున లేవగానే వాకింగ్ మొదలుపెట్టమనండి. మా అత్తమ్మ చెరువు కట్ట మీద నడవబట్టి షుగర్ మాత్ర డోసు తగ్గించారు.

హన్మకొండ బిడ్డ: అక్కా, నడక సంగతి కాదు, మాత్ర గుర్తుండే సంగతి.

రిటైర్డ్ సిస్టర్: శీను గారూ, 21 రోజుల లెక్క నిలవదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో ఒక అధ్యయనం చేసింది. ఎవరికి వారు తినడం, తాగడం, వ్యాయామం లాంటి ఒక కొత్త పని ఎంచుకుని, దాన్ని రోజూ చేసే ఒక పని తర్వాత పెట్టుకున్నారు. అలవాటు కుదరడానికి అటూ ఇటూగా 66 రోజులు పట్టింది, కానీ ఒకరికి 18 అయితే మరొకరికి 254 దాకా పడుతుందని అంచనా తేలింది. ఒక్కరోజు తప్పితే మళ్లీ మొదటికి రావడమూ కనిపించలేదు.

తమ్మీ, మీ అమ్మగారు లేచినప్పటి నుంచి చాయ్ తాగేదాకా ఏం చేస్తారో వరుసగా రాయండి.

హన్మకొండ బిడ్డ: లేచి బొంత మడత పెడుతుంది. వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గు వేస్తుంది. నల్లా వస్తే నీళ్లు పడుతుంది. తర్వాత బ్రష్, వెంటనే చాయ్. బ్రష్‌కు జోడిద్దామనుకున్నా.

రిటైర్డ్ సిస్టర్: అందరూ బ్రష్ అనే అంటారు, కానీ మీ ఇంట్లో అది కుదరదు. ఈ మాత్ర వేసుకున్నాక చాయ్‌కి కనీసం అరగంట ఆగాలి, లేకపోతే ఒంటికి సరిగ్గా పట్టదు. బ్రష్ కాగానే చాయ్ తాగే మనిషిని అరగంట ఆపాలంటే రోజూ ఇంట్లో గొడవే. నల్లా అసలే వద్దు, అది వచ్చే టైం మన చేతిలో లేదు.

బొంత మడత పెట్టడానికి జోడించండి. నల్లా వచ్చినా రాకపోయినా, పండగైనా ఆ పని మానరు. రాత్రే మంచం పక్కన గూట్లో మాత్రల డబ్బా, మూతపెట్టిన చెంబు పెట్టండి. బొంత మడిచి పక్కన పెట్టగానే చెయ్యి చెంబు మీదికి పోవాలి. తర్వాత వాకిలి, ముగ్గు, బ్రష్ అయ్యేసరికి అరగంట దాటుతుంది, చాయ్ ఎప్పటి టైంకే తాగొచ్చు.

"వాకిలి ఊడ్చే ముందు వేసుకో" అని మాత్రం చెప్పకండి. "ముందు" అంటే గుర్తుచేసేది ఏదీ ఉండదు, చీపురు పట్టినంక గుర్తొస్తుంది. 2013లో బ్రిటన్ పరిశోధకులు పళ్ల సందులు దారంతో శుభ్రం చేసుకునే అలవాటు మీద చూశారు. బ్రష్‌కు ముందు చేసినవాళ్ల కంటే తర్వాత చేసినవాళ్లే 8 నెలల తర్వాత కూడా ఎక్కువగా కొనసాగించారు.

కరీంనగర్ శీను: 21 సంగతి ఒప్పుకుంటా మేడం. కానీ పరకాలలో చుట్టాలింటికి పోతే? అక్కడ బొంత ఇంకెవరో మడుస్తారు. అలారం ఎక్కడైనా మోగుతుంది.

రిటైర్డ్ సిస్టర్: నిజమే, చోటు మారితే ఈ జోడింపు తెగిపోతుంది. ఊరు పోయినప్పుడు అలారం పెట్టుకోండి. ఇంట్లో మాత్రం అలారం మోగేసరికి ఆవిడ చేతిలో చీపురో, బిందెనో ఉంటుంది. తర్వాత వేసుకుందాంలే అని ఆపేస్తారు, అక్కడే మర్చిపోతారు.

అలవాటు బాగా కుదిరాక ఇంకో ఇబ్బంది వస్తుంది. ధ్యాస లేకుండా చెయ్యి పని చేస్తుంది కాబట్టి, వేసుకున్నానా లేదా అని అనుమానం మొదలవుతుంది. గుర్తులేదని ఇంకోటి వేసుకునేవాళ్లను వార్డులో చూశాను. వారానికి ఏడు గదులుండే డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. ఆ రోజు గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే.

కాజీపేట రన్నింగ్: మేడం, నేను లోకో పైలట్‌ను. నాదీ అదే మాత్ర. ఒకరోజు రాత్రి 2 గంటలకు డ్యూటీ, ఇంకోరోజు మధ్యాహ్నం. బొంత మడిచే టైం లేదు, కొన్నాళ్లు రన్నింగ్ రూంలోనే పడుకుంటాను. నేను దేనికి జోడించాలి?

రిటైర్డ్ సిస్టర్: మీకు టైం కాదు, నిద్ర లేవడమే గుర్తు కావాలి అన్నా. ఎక్కడ లేచినా బూట్లు తొడుక్కునే ముందు మొహం కడుక్కుంటారు కదా, అది అయిపోగానే. డబ్బా డ్యూటీ బ్యాగులోనే ఉండాలి. కానీ రెండు నిద్రల మధ్య ఒకరోజు 10 గంటలు, ఒకరోజు 30 గంటలు వస్తే రోజుకు ఒకటి అన్న లెక్క తప్పుతుంది. రాత్రి భోజనమయ్యాక మూడు గంటల తర్వాత వేసుకునే పద్ధతి కూడా కొందరికి చెబుతారు. మీ డ్యూటీ చార్టు డాక్టర్‌కు చూపించి అడగండి.

కరీంనగర్ శీను: అన్నకైతే అలారమే గతి, నేను అదే అంటా.

హన్మకొండ బిడ్డ: మేడం, డబ్బా తెచ్చాను. బొంత మంచం మీదే వదిలేసే రోజులు కూడా ఉన్నాయట, అమ్మ ఇప్పుడు చెబుతోంది. దానికి బదులు తలుపు గొళ్లెం తీయడానికి జోడించొచ్చా?

రిటైర్డ్ సిస్టర్: జోడించొచ్చు, అది తప్పదు కదా. డబ్బా, చెంబు తలుపు పక్క గూట్లోకి మార్చండి. గొళ్లెం తీయగానే మాత్ర, ఆ తర్వాతే చీపురు. రెండు వారాలు గమనించి, ఆవిడ చీపురు దగ్గరికే ముందు పోతుంటే చెప్పండి, ఇంకోటి చూద్దాం.