హిందీ ‘ఉల్లూ’ను తెలుగులో ఏ జంతువుగా మార్చాలి?

పిల్లల కోసం ఒక హిందీ కథను అనువదిస్తున్నాను. అందులో తల్లి కొడుకును ‘ఉల్లూ’ అని మందలిస్తుంది. హిందీలో ఆ మాటకు గుడ్లగూబ అని అర్థం, తిట్టుగా వాడితే మూర్ఖుడని అర్థం, ‘ఉల్లూ బనానా’ అంటే వెర్రివాణ్ణి చేసి మోసగించడం. దానిని ‘గుడ్లగూబ’ అని రాస్తే, తెలుగు పాఠకునికి ఇంటిమీద వాలితే కీడని పెద్దలు భయపడే పక్షి గుర్తుకు వస్తుందే తప్ప తెలివితక్కువతనం స్ఫురించదు. ఇంగ్లీషులోనైతే అది జ్ఞానానికే గుర్తు.

‘గాడిద’ అని మార్చి చూశాను. కానీ హిందీ ‘గధా’ ప్రధానంగా బుద్ధిహీనుణ్ణి సూచిస్తుండగా, మన ‘అడ్డగాడిద’లో ఎదిగి కూడా పనీపాటా లేకుండా తిరుగుతున్నాడన్న నింద ఉంది, ఏడేళ్ల పిల్లవాడికి అది అతకదు.

కేవలం అమాయకపు తెలివితక్కువతనాన్ని సూచిస్తూ, తల్లి ముద్దుగా కోప్పడేందుకు పనికివచ్చే జంతువు పేరు మీ ప్రాంతపు తెలుగులో ఉంటే, దానిని ఎవరు ఎవరితో అంటారో కూడా దయచేసి తెలియజేయగలరా?