‘నూనె తేలేదాకా’ను ఇంగ్లీషు కార్డులో ఎలా రాయాలి?

సునీత: హైదరాబాద్‌లో ఒక హోటల్ కిచెన్ కోసం, మాస్టర్ చెప్పిన బగారా బైంగన్ రెసిపీ కార్డును ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. చదివేది వేరే రాష్ట్రాల ట్రైనీలు. ఆయన మాటలు ఇవి: “అర కిలో వంకాయలకు రెండు గంటెల నూనె. పల్లీ, నువ్వులు, కొబ్బరి ముద్దను పెద్ద మూకుట్లో నూనె తేలేదాకా వేయించాలి. నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి, వంకాయలు వేసి, సన్న మంట మీద మళ్లీ నూనె తేలేదాకా ఉంచాలి.” ఎలా రాస్తే బాగుంటుంది?

ఫణి: ‘అంటిల్ ద ఆయిల్ సెపరేట్స్’ అని రెండు చోట్లా పెట్టేయండి. మన వంటల గురించి ఇంగ్లీషులో రాసేవాళ్లంతా అలాగే రాస్తారు. గంటె అంటే లేడిల్.

యాదగిరి: ఫణి గారు చెప్పిన మాట వాడుకలో ఉన్నదే. కానీ ఇక్కడ మాస్టర్ చెప్పింది రెండు వేర్వేరు గుర్తులు. చాలా ఏళ్లు హోటల్ కిచెన్లలో చేశాను కాబట్టి చెప్తున్నా. మొదటిసారి ముద్దలో నీళ్లు ఇంకా ఉంటాయి, అందుకే చిటపటలాడి చిందుతుంది. నూనె కనిపించదు, ముద్దలో కలిసిపోయి ఉంటుంది. నీళ్లు ఆవిరైపోయాక చిందడం తగ్గుతుంది, ముద్ద మూకుడుకు అంటుకోకుండా ఒక్కచోటికి వస్తుంది, దాని అంచు చుట్టూ నూనె మెరుస్తుంది. అక్కడ ఆపాలి. ఇంకొంచెం వేయిస్తే నువ్వులు చేదెక్కుతాయి. రెండోసారి పులుసు ఉంది కాబట్టి నూనె పైకొచ్చి తెట్టులా తేలుతుంది. పల్లీ, నువ్వుల నూనె కూడా అందులో కలుస్తుంది. కాబట్టి మొదటిచోట ‘ముద్ద అంచుల్లో నూనె కనిపించి, చిందడం ఆగేదాకా’ అనీ, రెండోచోట ‘పైన నూనె తేలేదాకా’ అనీ అర్థం వచ్చేలా ఇంగ్లీషులో రాయండి.

నూనె కొలత తప్పనిసరిగా రాయాలమ్మా. ఆరోగ్యం పేరుతో ట్రైనీ రెండు చెంచాలే పోస్తే ఎంతసేపు చూసినా నూనె తేలదు, ముద్ద మాడిపోతుంది.

సునీత: మాస్టర్ గంటెలో నీళ్లు నింపి తూచాను, 60 గ్రాములు వచ్చింది. అంటే 60 మి.లీ. కదా. రెండు గంటెలకు 120 మి.లీ. అని రాస్తాను.

యాదగిరి: సరిగ్గా చేశారు. కాటా మీద నూనెనే తూచేవాళ్లుంటే దాదాపు 110 గ్రాములని పక్కన పెట్టండి, నూనె నీళ్లకన్నా తేలిక. ఇక ‘పెద్ద మూకుడు’కు పైఅంచు కొలత ఇవ్వండి, ఎంత లోతో కూడా. అదే ముద్ద వెడల్పాటి పాత్రలో తొందరగా ఆరుతుంది, ఇరుకు గిన్నెలో ఆలస్యమవుతుంది. పాత్ర కొలత లేకుండా ‘8 నిమిషాలు’ అని రాస్తే ఆ 8కి అర్థం లేదు.

లక్ష్మి: నాది కూడా ఇలాంటి సమస్యేనండీ. ఇంగ్లీషు రెసిపీలో 8 అంగుళాల చదరపు కేకు టిన్ను అడిగారు, నా దగ్గర 9 అంగుళాల గుండ్రటిది ఉంది. బేకింగ్ టైమ్ ఎంత పెంచాలి?

యాదగిరి: పెంచక్కర్లేదమ్మా. రెండిటి అడుగు వైశాల్యం దాదాపు 64 చదరపు అంగుళాలే, పిండి మందం ఒకటే వస్తుంది. అయితే ఇది టిన్నుల లెక్క. మూకుడు అడుగు చదునుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దానికి ఈ లెక్క పనికిరాదు.

సునీత: తెలుగు కార్డు కూడా మళ్లీ అడిగారు, ఇంగ్లీషు కార్డు నుంచి. అక్కడ ‘సిమ్మర్’ అని ఉంది. ‘సన్న మంట’ అంటే సరిపోతుందా?

ఫణి: సరిపోతుంది. మనకు స్టవ్ మీదే ‘సిమ్’ అని రాసి ఉంటుంది కదా.

యాదగిరి: ఇంట్లో సరిపోతుంది. హోటల్ బర్నర్ సన్నమంటకు కూడా పులుసు కుతకుత ఉడికిపోవచ్చు. ఇంగ్లీషు మాట పులుసు ఎలా ఉందో చెప్తుంది, మన మాట మంట గురించి చెప్తుంది. “పులుసు కుతకుతలాడకుండా చిన్న బుడగలు లేస్తూ ఉండేలా మంట తగ్గించాలి” అని పూర్తిగా రాయండి. గుత్తులుగా కోసిన వంకాయలు ఎక్కువ ఉడుకులో తొడిమ దగ్గర విడిపోతాయి.

లక్ష్మి: మరి నిమ్మకాయంత చింతపండు? మా ఇంట్లో చిన్న నిమ్మకాయంత వేస్తేనే పుల్లగా ఉంటుంది.

సునీత: మాస్టర్ తీసిన ఉండ, గింజ తీశాక 30 గ్రాములు తూగింది. అదే రాద్దామనుకుంటున్నా.

ఫణి: గ్రాములు ఉన్నాక ఇక నిమ్మకాయ ఎందుకు? తీసేయండి.

యాదగిరి: నేనైతే రెండూ ఉంచుతా. పాత చింతపండు, కొత్త చింతపండు ఒకే పులుపు ఉండవు. 30 గ్రాములు ఎన్ని నీళ్లలో నానబెట్టాలో రాసి, సగం పోశాక రుచి చూడమని చెప్పాలి.

ఫణి: ట్రైనీకి ఆ పులుపు ఎంత ఉండాలో తెలియదు కదండీ, రుచి చూసి ఏం చేస్తాడు?

సునీత: మాస్టర్‌ని అడిగితే “నా కూర ఒకసారి తినమనండి” అన్నారు. అది కార్డులో ఎలా రాయాలో ఇంకా తేల్చుకోలేదు.