కంపెనీ ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో 14.8 లక్షలు. నమ్మొచ్చా?

పటమట_కుర్రాడు: విజయవాడలో మూడున్నరేళ్లుగా చేస్తున్నా. నెల బేసిక్ 40,000. ఏడాది స్టేట్‌మెంట్‌లో జీతం 9,00,000, కంపెనీ పీఎఫ్ 57,600, గ్రాట్యుటీ 23,088, ఆరోగ్య బీమా 5,00,000, మొత్తం 14,80,688 అని వేశారు. గుంటూరులో ఇంకో కంపెనీ జీతం, పీఎఫ్, బీమా కలిపి 10.4 లక్షలు ఇస్తానంటోంది. మారితే నష్టమా?

బ్రాడీపేట_4వ_లైను: మారిపో తమ్ముడూ. బీమా 5 లక్షలు నీ చేతికొచ్చే డబ్బు కాదు, ఆసుపత్రిలో చేరితే ఇచ్చే గరిష్ఠ పరిమితి. గ్రాట్యుటీ గురించి బెంగ వద్దు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లో ఏడాది పనిచేస్తే చాలు, అందరికీ వస్తుంది.

లెక్కల_మాస్టారు: బీమా మాట నిజమే. దాని విలువ అంటే మీ కుటుంబం కోసం కంపెనీ కట్టే ప్రీమియం, హెచ్ఆర్‌ను అడిగితే చెప్తారు. ఏడాది గ్రాట్యుటీ మాత్రం ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు వాళ్లకే. పర్మనెంట్ ఉద్యోగులకు ఇప్పటికీ ఐదేళ్లే.

ప్రీమియం 20,000 అనుకుందాం. జీతం, పీఎఫ్‌తో కలిపితే 9,77,600. గుంటూరు వాళ్లు ఏడాదికి 62,400 ఎక్కువ ఇస్తున్నట్టు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

గ్రాట్యుటీ ఏటా 23,088 చొప్పున పోగయ్యేది కాదు. ఐదేళ్లు నిండేదాకా సున్నా, నిండాక మానేస్తే ఒకేసారి మొత్తం. మీ బేసిక్ 40,000 కాబట్టి లెక్క ఇదీ:

```
40,000 × 15 ÷ 26 × 5 = 1,15,385
```

అంటే ఇంకో ఏడాదిన్నర ఉండి మానేస్తే 1,15,385 చేతికొస్తుంది. అదే ఏడాదిన్నరలో గుంటూరు ఉద్యోగం ఎక్కువిచ్చేది 93,600. పైగా అక్కడ ఐదేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లయితే స్టేట్‌మెంట్‌లో గ్రాట్యుటీ లైనును నిక్షేపంగా కొట్టేయొచ్చు. మీకు మాత్రం స్టేట్‌మెంట్ చూపించిన దానికంటే అది ఎక్కువే విలువ చేస్తుంది.

మంగళగిరి_అక్క: మావారి కంపెనీ బీమాలో అత్తమామలు లేరు. వాళ్లని చేర్చాలంటే ప్రీమియం జీతంలోంచి కోస్తారట. అది కూడా స్టేట్‌మెంట్‌లో కలుపుతారా?

లెక్కల_మాస్టారు: జీతంలోంచి కోస్తే అది మీ డబ్బేనమ్మా. మళ్లీ బీమా లైనులో చూపిస్తే రెండుసార్లు లెక్కేసినట్టు. పేస్లిప్‌లో కోతల వైపు ఉందో లేదో చూడండి.

బ్రాడీపేట_4వ_లైను: ఐదేళ్లు పూర్తిగా అక్కర్లేదుగా మాస్టారూ? నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు చెప్పింది.

లెక్కల_మాస్టారు: చెప్పింది. అయినా ఐదేళ్లు నిండాల్సిందేనని పట్టుబట్టే కంపెనీలు ఉన్నాయి. ఆ నాలుగు నెలల కోసం లేబర్ ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకు?

బ్రాడీపేట_4వ_లైను: హక్కు ఉన్నప్పుడు ఎందుకు వదులుకోవాలి? రాజీనామాకు ముందే హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగాలి, జవాబు రాతలో తీసుకోవాలి.

పటమట_కుర్రాడు: గుంటూరు వాళ్లని 11 అడిగి చూస్తా. అప్పుడు ఏడాదిన్నరలో తేడా 1,83,600 అవుతుంది కదా?

లెక్కల_మాస్టారు: అవుతుంది. అప్పుడు మారొచ్చు. ఆ 11లో గ్రాట్యుటీ కలపకుండా చూసుకోండి.