60 అడుగుల రిటైనింగ్ గోడ వెనుక ఫ్రెంచ్ డ్రెయిన్: కంకర ఎంత, పైపు ఎంత, గుడ్డ ఎంత?

కొండవాలు
విశాఖలో సింహాచలం కొండ వైపు మా స్థలం. పై స్థలం మట్టి జారకుండా 60 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు కాంక్రీటు గోడ కట్టించాను. వెనుక మట్టి ఇంకా నింపలేదు. గోడ వెనుక చేరే వాన నీటిని బయటికి తీయడానికి ఫ్రెంచ్ డ్రెయిన్ వేయాలి. గోడ మొదట్లో ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండు అడుగుల లోతు కందకం తీసి చిల్లుల పైపు, దాని చుట్టూ 20 మి.మీ. కంకర, బయట మట్టిని ఆపి నీటిని వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయాలని అనుకుంటున్నాను. గోడ చివర నుంచి వీధి కాలువకు మరో 14 అడుగులు. రెండు యూనిట్ల కంకర చాలని మేస్త్రి అంటున్నాడు, మూడు కావాలని కంకర అమ్మే ఆయన అంటున్నాడు. ఎవరిని నమ్మాలి? పెద్ద వానకు వీధి కాలువ నిండితే నీరు పైపులోకి ఎదురు వస్తుందా అన్నది నా రెండో భయం.

లెక్కలమాస్టారు
మేస్త్రి మాటే నిజం. 60 × 1.5 × 2 = 180 ఘనపుటడుగులు. నాలుగంగుళాల పైపు ఆక్రమించేది ఆరు ఘనపుటడుగులే కనుక 174 మిగులుతుంది. సర్దుకుపోవడానికి పదో వంతు కలిపితే 191. యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. రెండు యూనిట్లు తెప్పించండి, తొమ్మిది మిగులుతాయి. గుడ్డకు కందకం రెండు పక్కలు, అడుగు, పైన మూత, ఒక అడుగు మడత కలిపి 8 అడుగుల వెడల్పు పడుతుంది, అంటే 480 చదరపుటడుగులు. పైపు 60 అడుగులు, అంటే మూడు పైపులు.

పునాదిరాయి
మాస్టారూ, మూడు పైపులు 60 అడుగులు కావు. ఆరు మీటర్ల పైపంటే 19 అడుగుల 8 అంగుళాలు. ఒక పైపు కొస మరో పైపు సాకెట్‌లోకి రెండు అంగుళాలకు పైగా దిగుతుంది. పైపుకు పందొమ్మిదిన్నర అడుగులు లెక్క వేసుకోవాలి. ఇరవై రెండేళ్ళుగా కొండ స్థలాల్లో గోడలు కట్టిస్తున్నాను, చివర్లో అడుగున్నర తక్కువైందని కుర్రాణ్ణి కొట్టుకు పరుగెత్తించని పని చూడలేదు.

పైపు సంగతి చిన్నది. అసలు తప్పు వాలు మరచిపోవడం. వందకు ఒకటి వాలు ఇస్తే 60 అడుగులకు ఏడంగుళాల పైచిలుకు తేడా వస్తుంది. ఎగువ చివర రెండు అడుగులుంటే దిగువ చివర రెండడుగుల ఏడంగుళాలు తవ్వాలి. కొండవాలు గారూ, గోడ బరువు మోసే మీ ఫుటింగ్ అడుగు ఎంత లోతులో ఉంది?

నేలమాళిగ_న్యూజెర్సీ
మా ఇంట్లో గోడకు లోపలి వైపు, కాంక్రీటు నేల పగలగొట్టి ఇదే వేయించాను. ముందు ప్రతి మార్చిలో మంచు కరిగే రోజుల్లో కార్పెట్ తడిసేది. ఇప్పుడు నీరంతా మూలనున్న గుంటలోకి వచ్చి పంపుతో బయటికి పోతుంది. మీరు కూడా బ్యాటరీతో నడిచే రెండో పంపు పెట్టుకోండి. తుఫాను రోజునే కరెంటు పోతుంది, ఆ పాఠానికి నేను భారీగా డబ్బు పోసుకున్నాను.

కొండవాలు
నాది కొండవాలు స్థలం, పంపు అవసరం లేదండి. పునాదిరాయి గారూ, గోడ ముందు నేల నుంచి ఫుటింగ్ అడుగు రెండున్నర అడుగుల లోతులో ఉంది.

పునాదిరాయి
అయితే దిగువ చివర రెండు అడుగులకు మించి తవ్వకండి. ఫుటింగ్ పక్కన దాని అడుగు కన్నా లోతుగా తవ్వితే దాని కింది మట్టే పక్కకు జారుతుంది. నీటి కోసం తవ్వి గోడనే కూల్చుకున్నవాళ్ళున్నారు. కనుక వాలును పై నుంచి తెచ్చుకోండి. ఎగువ చివర అడుగున్నర కన్నా ఒక అంగుళం తక్కువ, దిగువ చివర రెండు అడుగులు. సగటు లోతు 1.7 అడుగులు. 60 × 1.5 × 1.7 = 153, పైపు తీసేస్తే 147, పదో వంతు కలిపితే 162.

లెక్కలమాస్టారు
అంటే నా రెండు యూనిట్ల కన్నా తక్కువే కదా. మరి నా లెక్కలో తప్పేముంది?

పునాదిరాయి
కందకం లెక్క తప్పని అనలేదు. కందకంతో పని అయిపోతుందనుకోవడమే తప్పు. ఆరడుగుల గోడ వెనుక నీరు నిండుగా నిలిస్తే అడుగు పొడవుకు సుమారు అర టన్ను తోపుడు పడుతుంది, 60 అడుగులకు ముప్పై టన్నులు. ఇది మట్టి తోపుడు కాక అదనం. కందకంలో కంకర ఉన్నా దాని పైన గోడకు ఆనుకుని ఎర్రమట్టి నింపితే, నీరు ఆ మట్టిలోనే నిలిచి గోడను నెడుతుంది, కిందికి దిగడానికి రోజులు పడుతుంది. గోడ వెంట నిలువునా ఒక అడుగు మందం కంకర పొర ఉండాలి. పై అడుగు మాత్రం బంకమట్టితో మూయాలి, లేకపోతే వాన నీరంతా నేరుగా లోపలికి దిగుతుంది. 60 × 1 × 5 = 300, పదో వంతు కలిపి 330. కందకంతో కలిపి 492. మేస్త్రీ కాదు, కంకర ఆయనా కాదు: ఐదు యూనిట్లు.

పచ్చనితోట
మా సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకడం లేదు. ఈ పైపు వేస్తే ఇంకుతుందా?

పునాదిరాయి
లేదమ్మా. ఇది నేలలోని నీటిని బయటికి తీసే పైపు. మురుగును నేలలోకి ఇంకించడం వేరే పని. ఆ ప్రశ్నను విడిగా అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.

వానాకాలం_వరంగల్
పైపు చిల్లులు పైకి ఉండాలి. మా అన్నయ్య ఇంటి వెనుక నేనే వేశాను. చిల్లులు కిందికి పెడితే మట్టి లోపలికి చేరుతుంది, పైపులో పారే నీరు మళ్ళీ కిందికే కారిపోతుంది.

పునాదిరాయి
చిల్లులు కిందికే. నీరు పై నుంచి పైపులో పడదు. కందకం అడుగున చేరి మట్టం పెరుగుతూ వస్తుంది. చిల్లులు పైన ఉంటే నాలుగంగుళాల నీరు నిలిచాకే పైపులోకి వెళుతుంది. ఆ నాలుగంగుళాలు ఎక్కడ నిలుస్తాయి? మీ ఫుటింగ్ పక్కన, వానాకాలమంతా.

వానాకాలం_వరంగల్
ఆరేళ్ళుగా నా పైపు పనిచేస్తోంది. పనిచేస్తున్నదాన్ని తప్పంటే ఎలా?

పునాదిరాయి
పైపు నోట్లోంచి నీరు రావడం చూశారు. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర ఉందేమో చూశారా? అది కనిపిస్తే అక్కడ నీరు నిలిచి ఆరుతున్నట్టే.

వానాకాలం_వరంగల్
నా గోడను చూడకుండా దానికి ఉప్పు పట్టిందని మీరెలా అంటారు? అనుభవం మీ ఒక్కరి సొత్తు కాదు.

నేలమాళిగ_న్యూజెర్సీ
ఇక్కడ అమ్మే ముడతల పైపుకు చుట్టూ చిల్లులే ఉంటాయి. ఎలా వేసినా ఒకటే. దీనికింత గొడవ ఎందుకు?

పునాదిరాయి
దానికి చుట్టూ ఉంటాయి కనుక అడుగునా ఉన్నాయి. ఇక్కడ మనం నున్నటి పి.వి.సి. పైపుకు మనమే చిల్లులు వేసుకుంటాం. వరంగల్ సోదరా, పైపులో పారే నీరు కిందికి కారుతుందన్న మాటలో సగం న్యాయం ఉంది. అందుకే చిల్లులను సరిగ్గా అడుగున వేయం. గడియారంలో నాలుగు, ఎనిమిది అంకెలుండే చోట రెండు వరుసలు, చిల్లుకూ చిల్లుకూ మధ్య అర అడుగు. మధ్యలో చిల్లులు లేని అడుగు భాగం నీటిని మోస్తుంది. చిల్లు 8 మి.మీ. చాలు. ఒకాయన తొందరపడి 20 మి.మీ. బిట్టుతో వేశాడు, కంకర రాళ్ళే లోపలికి దూరి కూర్చున్నాయి.

పాతపుస్తకాలు
దీనికి ఫ్రాన్సు దేశంతో సంబంధం లేదని ఎంతమందికి తెలుసు? అమెరికాలో హెన్రీ ఫ్రెంచ్ అనే న్యాయవాది పొలాల నుంచి నీరు తీయడం మీద 1859లో పుస్తకం రాశాడు. పేరు ఆయన వల్ల వచ్చింది. అప్పట్లో కాల్చిన మట్టి గొట్టాలను వరుసగా పేర్చి వాటి సందుల్లోంచి నీరు దిగేలా చేసేవారు.

మట్టిచేతులు
గుడ్డ గురించి ఎవరూ రాయడం లేదు. నేను దెబ్బతిన్నది అక్కడే. జియోటెక్స్‌టైల్ ఖరీదు చూసి భయపడి ఖాళీ సిమెంటు సంచులు విప్పి, కుట్టి వేశాను. మొదటి వానాకాలం బాగానే ఉంది. రెండో ఏడు జోరున వాన పడుతున్నా పైపు నోరు పొడిగా ఉంది, గోడ మాత్రం నడుము దాకా చెమ్మ. తవ్వి చూస్తే సంచి అల్లికంతా సన్నటి మట్టితో పూత పూసినట్టు మూసుకుపోయింది. మా బావమరిది పచ్చ నీడవల వేశాడు. అతని పైపులోంచి ఎర్రనీళ్ళు వచ్చాయి, అంటే మట్టి వలను దాటి కంకరలోకి చేరుతోందన్నమాట. చివరికి ఇద్దరం కంకరంతా తీసి మళ్ళీ వేశాం.

కొండవాలు
మరి ఏ గుడ్డ తేవాలి? పైపుకే గుడ్డ తొడుగు వేసి అమ్ముతున్నారు కదా, అది చాలదా?

పునాదిరాయి
మీ ఎర్రమట్టికి చాలదు. తొడుగు వైశాల్యం చిన్నది, సన్నటి మట్టి అంతా అక్కడికే చేరి మూసేస్తుంది. పైగా అప్పటికే కంకర మట్టితో నిండి ఉంటుంది. మట్టికీ కంకరకూ మధ్య గుడ్డ ఉండాలి. దుప్పటిలా మెత్తగా ఉండే, నేయని రకం, 200 జి.ఎస్.ఎం., అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల బరువున్నది అడగండి.

కొలత ఇలా తీయండి. నిలువు పొరకు మట్టి వైపు 5 అడుగులు, దాని పైన 1, కందకం దగ్గర మెట్టుకు అర అడుగు, కందకం రెండు పక్కలా 1.7 చొప్పున, అడుగున 1.5. మొత్తం 11.4, మడత కలిపి పన్నెండున్నర. గోడ వైపు కాంక్రీటే ఉంది కనుక అక్కడ గుడ్డ అక్కరలేదు. 5 మీటర్ల వెడల్పు చుట్ట దొరికితే పన్నెండున్నర అడుగుల చొప్పున, అంటే 3.8 మీటర్లు, నాలుగు ముక్కలు కోయించండి. వాటిని గోడ వెంట పక్కపక్కన పరిచి, ఒకదాని మీద ఒకటి అడుగున్నర ఎక్కించినా 60 అడుగులు నిండుతుంది. మొత్తం 76 చదరపు మీటర్లు. కందకం కొసలు మూయడానికి మరో చిన్న ముక్క.

లెక్కలమాస్టారు
పైపుల లెక్క నేను సరిచేస్తాను. గోడ వెంట 60, వీధి దాకా 14. పైపు మూసుకుపోతే కడగడానికి ఎగువ చివర నిలువు గొట్టం పెడితే కందకం అడుగు నుంచి నేల పైకి ఏడున్నర. మొత్తం 81.5. పైపుకు పందొమ్మిదిన్నర చొప్పున నాలుగు వేస్తే 78, కనుక ఐదు కొనాలి. మూడింటికే చిల్లులు. వీధి వైపు పైపుకు చిల్లులు వేస్తే తీసిన నీరు మళ్ళీ మీ ముంగిట్లోనే ఇంకుతుంది. నిలువు కంకర పొర సంగతి నేను ఆలోచించలేదు, పునాదిరాయి గారి మాటే సరి.

మట్టిచేతులు
కంకరను కడిగి వేయండి. క్రషర్ పొడి అంటుకుని ఉంటే మొదటి వానకే అదంతా అడుగుకు దిగి పేరుకుంటుంది. లారీ దింపే చోట గొట్టంతో నీళ్ళు కొడితే ఎంత పొడి పోతుందో మీరే చూస్తారు.

వానాకాలం_వరంగల్
40 మి.మీ. ఇంకా మంచిది, ఖాళీలు ఎక్కువ.

పునాదిరాయి
ఖాళీలు పెద్దవి, ఎక్కువ కావు. ఒకే సైజు రాళ్ళయితే 20 అయినా 40 అయినా పదింట నాలుగు వంతులు ఖాళీయే ఉంటుంది. 40 రాళ్ళు పై నుంచి పోసినప్పుడు గుడ్డను చింపుతాయి.

కొండవాలు
ఐదు యూనిట్లు, ఐదు పైపులు రేపు చెబుతున్నాను. గుడ్డకు కొట్టువాళ్ళు చుట్ట మొత్తం కొనమంటున్నారు, కోసి ఇచ్చేవారి కోసం వెతుకుతాను. వీధి కాలువ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నిండితే నీరు వెనక్కి వస్తుందా?

పునాదిరాయి
క్షమించండి, చిల్లుల గొడవలో పడి వదిలేశాను. గోడ దిగువ చివర పైపు అడుగు నుంచి వీధి కాలువ పై అంచు ఎంత కిందికి ఉందో నీటి గొట్టంతో మట్టం పట్టి చెప్పండి. ఆ అంచు పైపు కన్నా కిందుంటే భయం లేదు. పైనుంటే వీధి నీరు మీ కంకరలోకి వస్తుంది, అప్పుడు నోటి దగ్గర ఒకవైపే తెరుచుకునే మూత పెట్టాలి.

కొండవాలు
రేపు పొద్దున్నే కొలిచి రాస్తాను.