సరుకు జాబితా రెండోసారీ తప్పే వచ్చింది, మెయిల్ ఎలా రాయాలి?

భీమవరం దుకాణం: చెరువు మందుల సరఫరాదారు జాబితాను సరిచేసి మళ్లీ పంపారు. ఈసారీ మా బిల్లింగ్ ప్రోగ్రాం దాన్ని తీసుకోవడం లేదు. ఆయన నొచ్చుకోకుండా, కాలమ్‌లు ఎలా కావాలో మెయిల్‌లో ఎలా చెప్పాలి?

తణుకు లెక్కలు: కాలమ్‌ల పేర్లతో పాటు ఒక నమూనా వరుస కూడా పెట్టండి. మాటల్లో ఎంత చెప్పినా అంత స్పష్టంగా ఉండదు.

```
Code,Batch,Expiry,Qty
00417,12E3,2027-11-05,40
```

దాని కింద ఇలా రాయండి: "అయ్యా, జాబితా మళ్లీ పంపినందుకు కృతజ్ఞతలు. మొదటి వరుసలో ఈ నాలుగు పేర్లు ఇదే క్రమంలో ఉండేలా చూడగలరు. కోడ్, బ్యాచ్ కాలమ్‌లను టైపు చేయడానికి ముందే టెక్స్ట్‌గా మార్చగలరు. గడువు తేదీలో ఏడాది ముందు రావాలి. పరిమాణం దగ్గర అంకె మాత్రమే చాలు, డబ్బాలు అని రాయనవసరం లేదు."

నరసాపురం: ఇంత మెయిల్ ఎవరు చదువుతారు? ఫోన్ చేయండి.

పాలకొల్లు: కోడ్ ముందు సున్నాలు పోతే `=TEXT(A2,"00000")` అని మనమే తెచ్చుకోవచ్చు. పెద్దమనిషిని మూడోసారి అడగడం దేనికి?

తణుకు లెక్కలు: కోడ్ వరకు మీ మాట నిజమే. బ్యాచ్ అలా కాదు. 12E3 అని కొడితే ఎక్సెల్ దాన్ని సంఖ్యగా తీసుకుని 1.20E+04 అని చూపుతుంది. ఆ తర్వాత టెక్స్ట్‌గా మార్చినా 12000 మాత్రమే మిగులుతుంది. అసలు బ్యాచ్ ఏదో సీసా చూస్తేనే తెలుస్తుంది.

అమలాపురం: తేదీ సంగతి నన్నడగండి. 05-11 అని ఉంటే నవంబర్ 5 అనుకున్నాను, అది మే 11. గడువు దాటిన మందు రైతు చేతిలో పెట్టాను. ఆయన మళ్లీ మా దుకాణం గడప తొక్కలేదు. ఇలాంటి వారికి మర్యాదలు కూడానా?

రావులపాలెం గోదాము: ఆ జాబితాలు టైపు చేసేది నాలాంటివాళ్లమే. ఒక దుకాణానికి కోడ్ ముందు కావాలి, ఇంకొకరికి బ్యాచ్ ముందు కావాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి కాలమ్‌లు మార్చమంటారు. మీ ప్రోగ్రాం తీసుకోకపోతే తప్పు నాదా?

తణుకు లెక్కలు: క్రమం మార్చుకోవడం మా పనే, ఒప్పుకుంటాను. బ్యాచ్, గడువు మాత్రం మీ దగ్గరే సరిగ్గా పడాలి.

రావులపాలెం గోదాము: అయితే ఆ రెండే అడగండి. అన్నీ ఒకే గొంతుతో అడిగితే ఏది తప్పనిసరో నాకెలా తెలుస్తుంది?

భీమవరం దుకాణం: ఆ రెండింటినీ మెయిల్‌లో పైన పెట్టాను, క్రమం నేనే మార్చుకుంటాను. పరిమాణంలో 40+4 అని ఉచిత సరుకు కూడా కలిపి రాస్తున్నారు. ఉచితానికి వేరే కాలమ్ అడగవచ్చా?

రావులపాలెం గోదాము: మా బిల్లులోనే అలా వస్తుంది. నేనైతే విడదీయను.

తణుకు లెక్కలు: నేనైతే అడుగుతాను.