ముందు ఫేక్ అకౌంట్ తీయించాలా, ముందు కాలేజీకి చెప్పాలా?

భీమవరం అన్నయ్య: మా చెల్లి స్నేహితురాలు ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటుంది. ఎవరో ఆమె పేరు, ఫొటోతో ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్ తెరిచి క్లాసులో అబ్బాయిలకి అసహ్యమైన మెసేజ్‌లు పెడుతున్నారు. ఒక లెక్చరర్‌తో కలిపి పుకారు కూడా లేపారు. అందరం రిపోర్ట్ కొట్టి ముందు తీయించేద్దామా, కాలేజీలో రాసిద్దామా? కాలేజీకి మాత్రం చెప్పొద్దని ఆ అమ్మాయి ఏడుస్తోంది.

పంటకాలువ: ఇందులో ఆలోచించేదేముంది తమ్ముడూ. ఓ యాభై మంది చేత రిపోర్ట్ కొట్టించండి, సాయంత్రానికి లేచిపోద్ది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కూడా చెయ్యండి, అక్కడికక్కడే ఆపేస్తారు. మా అల్లుడి డబ్బు ఓటీపీ మోసంలో పోతే వెంటనే బ్యాంకులో ఆపించారు.

లాకులవీధి: పంటకాలువ గారూ, డబ్బు విషయంలో మీరన్నది నిజమే. అది ఇంకో ఖాతాకి మారేలోపు బ్యాంకు ఆపగలదు కాబట్టి 1930 పనికొస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్‌ని వాళ్లు అలా ఆపలేరు. ఇలాంటి వాటికి cybercrime.gov.in లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకు విడిగా చోటుంది. అక్కడ పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు గానీ, అలా ఇస్తే ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందో తర్వాత చూసుకునే వీలుండదు.

యాభై మంది రిపోర్ట్ కొట్టడం వల్ల ఒరిగేది తక్కువ. ఎంతమంది కొట్టారన్నది లెక్కలోకి రాదు. ఎవరి పేరు వాడుకున్నారో ఆ మనిషి, లేదా ఆమె తరఫున ఒకరు ఫిర్యాదు ఇస్తేనే బరువు. 2021లో వచ్చిన ఐటీ నియమాలు, వేరొకరి పేరుతో నడిపే అకౌంట్ మీద అలాంటి ఫిర్యాదు అందితే 24 గంటల్లో చర్య తీసుకోవాలన్నాయి, 2026లో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు. యాప్‌లో మూడు చుక్కలు నొక్కి చేసే రిపోర్ట్‌తో ఆగకండి. సహాయ పేజీల్లో గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలుంటాయి, అక్కడికి రాతలో పంపండి. ఆమె గుర్తింపు కార్డు ఫొటో అడుగుతారు.

అయితే అంతకన్నా ముందు ఒక పనుంది. నేను ఒక కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత కమిటీలో పనిచేశాను. ఒక అమ్మాయి ఫోన్ నిండా స్క్రీన్‌షాట్లు తెచ్చింది. అన్నీ చాట్‌లో మధ్య ముక్కలే. పైన పేరు కత్తిరించి ఉంది, తేదీ లేదు, లింకు లేదు. ఈలోపు అవతలివాడు యూజర్‌నేమ్ మార్చేశాడు. పాత పేరు కొట్టి చూస్తే ఎవరూ లేరు. ఉన్నదంతా నిజమే, కానీ దేనికీ ముడిపెట్టలేకపోయాం.

అందుకని ఫోన్ కాకుండా కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ ప్రొఫైల్ తెరిచి, పైన అడ్రస్, కింద తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ప్రతి పోస్టు లింకూ విడిగా రాసుకోండి. యాప్‌లో ప్రొఫైల్ పేరు మీద నొక్కితే కొన్ని అకౌంట్లకి `About this account` అని వస్తుంది. ఎప్పుడు తెరిచారో, ఇదివరకు పేరు మార్చారో లేదో అందులో ఉంటుంది, అదీ తీసి పెట్టండి. మెసేజ్ అందుకున్న అబ్బాయిల్లో నమ్మకమున్న ఒకరిద్దరిని చాట్ చెరిపేయొద్దనండి. ఆ మెసేజ్‌లు ఉన్నది వాళ్ల ఫోన్లలో, ఆమె ఫోన్‌లో కాదు. ఇదంతా గంట పని. ఆ తర్వాతే తీయించండి.

తణుకు చిన్ని: తీయించేస్తే పోలీసులకి ఏం మిగులుద్దండీ? ఉంచే పట్టుకోవాలి కదా.

లాకులవీధి: మనకి కనపడదు గానీ కంపెనీ దగ్గర ఉంటుందమ్మా. ఆ ఐటీ నియమాల ప్రకారమే, తీసేసిన అకౌంట్ వివరాలు 180 రోజులు దాచి ఉంచాలి. కానీ వాటిని అడిగే అధికారం పోలీసులకీ కోర్టుకీ ఉంది, ప్రిన్సిపాల్‌కి లేదు. ఆరు నెలలు దాటాక స్టేషన్‌కి వెళ్తే ఆ దారీ మూసుకుపోతుంది. పట్టుకోవడం కోసం దాన్ని అలా వదిలేస్తే, రోజూ ఆ అమ్మాయే భరించాలి.

కంపెనీ వాళ్లు "మా నిబంధనలకు విరుద్ధంగా లేదు" అని తిప్పి పంపిస్తే ప్రభుత్వ అప్పీళ్ల కమిటీ సైటు gac.gov.in లో 30 రోజుల్లోపు అప్పీలు పెట్టుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు.

పాలకొల్లు టీచరమ్మ: నాదీ ఇదే బాధండి. నేనొక ప్రైవేటు స్కూల్లో చెప్తాను. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నా మీదా, ఒక సారు మీదా రాశారు. ఫేక్ అకౌంట్ లేదు, ఏమీ లేదు, తెలిసినవాళ్లే తెలిసిన నంబర్లతో రాశారు. యాజమాన్యం నన్నే "గొడవ సద్దుమణిగే దాకా సెలవు పెట్టండి" అంది. రేవులో బట్టలుతికే ఆవిడ దగ్గర్నుంచి అందరికీ తెలిసిపోయింది. ఎవరికి రిపోర్ట్ కొట్టాలండి నేను?

పంటకాలువ: గ్రూప్ అడ్మిన్ మీద కేసు పెట్టండమ్మా, లోపలేస్తారు.

లాకులవీధి: అంత తేలిక కాదండి. వేరేవాళ్లు పెట్టిన పోస్టుకి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. రాసినవాళ్లని పట్టుకోవాలి.

టీచరమ్మ గారూ, మీది ప్లాట్‌ఫాం ఫిర్యాదు కన్నా పని చోట వేధింపు ఫిర్యాదుకే దగ్గరగా ఉంది. ఉద్యోగినిని అవమానించే లైంగిక మాటలు, వాటి వల్ల పని చెయ్యలేని పరిస్థితి, ఇవి పని చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కిందికి రావొచ్చు. స్కూల్లో అంతర్గత కమిటీకి రాసివ్వండి. పదిమంది కన్నా తక్కువ సిబ్బంది ఉన్నా, యజమాని మీదే ఫిర్యాదైనా జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఘటన జరిగిన మూడు నెలల్లో ఇవ్వాలి, తగిన కారణం చూపితే ఇంకో మూడు నెలలు పెంచే వీలుంది. సెలవు మాట నోటితో కాకుండా కాగితం మీద అడగండి. ఆ కాగితమే రేపు మీకు సాక్ష్యం. వాళ్లు ఇవ్వకపోతే, "ఫలానా తేదీన ఇలా చెప్పారు" అని మీరే మెయిల్ పెట్టండి.

తణుకు చిన్ని: మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. తను వద్దంటుంటే కాలేజీకి ఎలా చెప్తారండీ? మా హాస్టల్లో ఇలాగే చెప్తే వార్డెన్ మొదట చేసిన పని, ఇంటికి ఫోన్. వాళ్ల నాన్న ఆ సాయంత్రమే వచ్చి సామాను సర్దించుకుని తీసుకుపోయారు. పరీక్షలు కూడా రాయలేదు. మెసేజ్‌లు పెట్టినవాడు హాయిగా రాశాడు.

లాకులవీధి: ఈ భయం అబద్ధం కాదు, నేనూ చూశాను. కమిటీకి ఇచ్చిన ఫిర్యాదు గోప్యంగా ఉంచాలని ఆ 2013 చట్టంలోనే ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయైతే "నా అనుమతి లేకుండా ఇంట్లో చెప్పొద్దు" అని ఫిర్యాదులోనే రాయొచ్చు. కాగితం హాస్టల్ వార్డెన్‌కో, క్లాసు టీచరుకో ఇవ్వొద్దు, నేరుగా కమిటీ అధ్యక్షురాలి చేతికివ్వండి. అంతా రాసినా గుమాస్తా నోరు జారితే నేనేం చెప్పగలను.

అయినా చెప్పాలనే అంటాను. అకౌంట్ కంపెనీ తీసేస్తుంది, లెక్చరర్‌తో కలిపి లేపిన పుకారు మాత్రం కారిడార్‌లో మిగిలిపోతుంది. దాని గురించి ఎవరినైనా పిలిచి అడగగలిగేది కాలేజీయే. ఫేక్ అకౌంట్‌లో ఉన్న ఫొటో ఎక్కడిదో చూడమనండి. ల్యాబ్ రోజు నలుగురికే పంపిన ఫొటో అయితే, వెతకాల్సిన చోటు చిన్నదైపోతుంది. కానీ ఆ నలుగురిలో ఒకడి పేరు మీరు గ్రూపులో పెట్టకండి. వాళ్ల ఫోన్ అందుకుని ఫొటో ఇంకొకరికి పంపినవాళ్లు ఉండొచ్చు.

తణుకు చిన్ని: నేను ఒప్పుకోను. తను సరే అనే దాకా కమిటీ మాట ఎత్తొద్దు. నష్టపోయేది తనే కాబట్టి నిర్ణయం తనదే.

భీమవరం అన్నయ్య: అందరికీ థాంక్సండి. బ్రౌజర్‌లో అన్నీ తీశాం, యూజర్‌నేమ్ ఇప్పటికే ఒకసారి మార్చినట్టు కనిపించింది. ఆమె పేరుతోనే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు వెళ్లింది. కాలేజీ సంగతి చెల్లి నెమ్మదిగా అడుగుతోంది. "లెక్చరర్ గారి పేరు కూడా బయటికొస్తుంది కదా, ఆయనకి ఇబ్బంది కదా" అంటోందట. ఆయన విడిగా ఫిర్యాదు ఇవ్వాలా, ఈ అమ్మాయి ఫిర్యాదులోనే ఆయన్నీ చేర్చాలా?

లాకులవీధి: విడిగానే ఇవ్వమనండి. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెడితే, పుకారు లేపినవాళ్లు దాన్నే చూపిస్తారు.