ప్రాజెక్టు, ప్రోగ్రాం, పోర్ట్‌ఫోలియో: తెలుగులో ఈ మూడింటి మధ్య గీత ఎక్కడ గీయాలి?

శారద: సభ్యులందరికీ నమస్కారం. నేను మేనేజ్‌మెంట్ మొదటి సెమిస్టర్ విద్యార్థులకు పాఠం చెబుతాను. ఈసారి జవాబు పత్రాలు దిద్దుతుంటే సగానికి పైగా పత్రాల్లో ఒకే జవాబు కనబడింది: ప్రాజెక్టు అంటే చిన్న పని, ప్రోగ్రాం అంటే పెద్ద పని, పోర్ట్‌ఫోలియో అంటే ఇంకా పెద్ద పని. ఇది తప్పని చెప్పగలను గానీ, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ఎందుకు తప్పో తెలుగులో చెప్పబోతే మాటలే అడ్డం పడుతున్నాయి. ప్రోగ్రాంను కార్యక్రమం అంటే వాళ్లకు వార్షికోత్సవంలో నాట్య ప్రదర్శన గుర్తుకొస్తుంది. పోర్ట్‌ఫోలియో అంటే మంత్రుల శాఖలో, షేర్లో స్ఫురిస్తాయి. ప్రాజెక్టు అనగానే నీళ్లు నిండిన జలాశయం కళ్ల ముందు నిలుస్తుంది. ఈ మూడింటికీ ఇంటి ఉదాహరణలు, వీలైతే తెలుగు మాటలు సూచించగలరా?

ఫణి: శారద గారూ, మీ విద్యార్థులు రాసినది పూర్తిగా తప్పని నేను అనుకోను. హైదరాబాదులో నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాజెక్ట్ మేనేజర్ కింద పది పన్నెండు మంది ఉంటారు, ప్రోగ్రాం మేనేజర్ కింద అలాంటి మేనేజర్లు నలుగురైదుగురు ఉంటారు. పది ప్రాజెక్టులు కలిస్తే ఒక ప్రోగ్రాం అవుతుంది, పది ప్రోగ్రాములు కలిస్తే ఒక పోర్ట్‌ఫోలియో అవుతుంది. బియ్యపు గింజ, బస్తా, గోదాము అని చెబితే పిల్లలకు సులువుగా అర్థమవుతుంది.

వెంకటరమణయ్య: ఫణి గారూ, గోదాములో బస్తాలన్నీ ఒకే రకం సరుకు, ఒక బస్తా తీసేసినా పక్క బస్తాకు ఏమీ కాదు. ప్రోగ్రాంలో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతుంది కాబట్టి ఆ పోలిక పిల్లల్ని మళ్లీ పరిమాణం వైపే తీసుకుపోతుంది. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి గనుక, శారద గారు అడ్డంకి అనుకుంటున్న ఆ జలాశయంతోనే మొదలుపెడతాను.

మనం “ప్రాజెక్టు నిండింది”, “ప్రాజెక్టు గేట్లు ఎత్తారు” అంటాం. ఇక్కడ ఒక చిత్రమైన అర్థ మార్పు జరిగింది. ప్రాజెక్టు అన్న మాట మొదట కట్టే పనికి పేరు. మన భాషలో అది కట్టిన వస్తువుకు అంటుకుపోయింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మొదలు, ముగింపు, అంతకు ముందు లేని ఒక కట్టడం చేతికి రావడం: మేనేజ్‌మెంట్ పాఠంలో ప్రాజెక్టు అంటే ఆ పని. ఇప్పుడు అక్కడ ఏటా జరిగే గేట్ల నిర్వహణ, నీటి విడుదల ప్రాజెక్టు కావు, అవి రోజువారీ నిర్వహణ. జనం నోట ప్రాజెక్టు ఇంకా ఉంది, పాఠంలోని ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెబితే విద్యార్థికి ముగింపు అన్న లక్షణం బాగా పడుతుంది.

ఇక ప్రోగ్రాం సంగతి. ఆనకట్ట కట్టారు, పెద్ద కాలువలు తవ్వారు, లెక్క ప్రకారం నీరు అందాల్సిన ఎకరాల సంఖ్య కాగితం మీద ఉంది. అయినా దేశంలో చాలా ఆయకట్టుల్లో ఆ ఎకరాలన్నీ తడవలేదు. తూము దగ్గర నుంచి చేను దాకా పిల్లకాలువలు లేవు, నేల చదును కాలేదు, మురుగు పోయే దారి లేదు, ఎగువ రైతు తన వంతుకు మించి తోడుకుంటే దిగువ రైతుకు అందదు. ఈ తేడాను పూడ్చడానికే కేంద్ర ప్రభుత్వం 1974-75లో ఆయకట్టు అభివృద్ధి కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. పిల్లకాలువల తవ్వకం ఒక పని, భూమి చదును మరో పని, వంతుల వారీగా నీరు వదిలే వారబందీ ఇంకో ఏర్పాటు. పిల్లకాలువ లేని చోట వారబందీకి అర్థం లేదు, చదును లేని చేనులో పిల్లకాలువ నీరు ఒక మూలే నిలుస్తుంది. వీటిని కలిపి నడిపితే తప్ప రాని ఫలితం ఒకటుంది, అది తడిసిన ఎకరం. దాన్ని ప్రోగ్రాం అనడానికి కారణం ఆ ఫలితం, అందులోని పనుల సంఖ్య కాదు.

శారద: రమణయ్య గారూ, “తడిసిన ఎకరం” అన్న మాటను తరగతిలో వాడుకుంటాను. కట్టడం చేతికి రావడానికీ, దాని వల్ల మేలు అందడానికీ మధ్య ఉన్న దూరాన్ని చూపడానికే నేను ఇంతకాలం తడబడుతున్నాను. ప్రాజెక్టును అప్పగించినవాడు వెళ్లిపోవచ్చు, ప్రోగ్రాంను నడిపేవాడు మేలు కనబడేదాకా ఉండాలి.

మస్తాన్: అందరికీ నమస్కారం. నా సందేహం వేరు. మా నాన్నగారు పొదలకూరు వైపు మూడు ఎకరాల్లో నిమ్మతోట వేయడానికి అప్పు అడిగితే బ్యాంకువారు ప్రాజెక్టు రిపోర్టు తెమ్మన్నారు. అయితే అది ప్రాజెక్టే కదా, ఇక్కడ ప్రోగ్రాం ప్రసక్తి ఎందుకు? మా ఇంట్లో జరిగింది చెబుతాను. చేతిలో అప్పుతో కలిపి 7 లక్షలున్నాయి. తోటకు 4 లక్షలు, చెల్లెలి నర్సింగ్ చదువుకు 2 లక్షలు, కారుతున్న ఇంటి కప్పుకు లక్ష అనుకున్నాం. బోరు పని నాన్న చూసుకున్నారు, డ్రిప్ పైపులు బాబాయి చూసుకున్నారు, మొక్కలు నేను మాట్లాడాను. ఎవరి పని వాళ్లం సకాలంలో పూర్తి చేశాం. పైపులు వచ్చాయి, దాదాపు 300 మొక్కలు దిగాయి. బోరు మాత్రం 450 అడుగులు వేసినా నీరు పడలేదు. మొక్కలు సంచుల్లోనే చాలావరకు ఎండిపోయాయి, పైపులు చావిట్లో పడి ఉన్నాయి. ఎవరిది తప్పని ఇంట్లో నెలపాటు మాటలు లేవు.

శారద: మస్తాన్ గారూ, అంత నష్టం జరిగినందుకు చాలా బాధగా ఉంది. మీరు అనుమతిస్తే మీ ఇంటి సంగతినే నేను విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే మూడు మాటలూ అందులోనే ఉన్నాయి.

బోరు వేయించడం ఒక ప్రాజెక్టు. మొదలుంది, ముగింపుంది, దానికంటూ ఖర్చుంది. డ్రిప్ అమర్చడం ఒకటి, మొక్కలు నాటడం ఒకటి. బ్యాంకు మొత్తానికి కలిపి ప్రాజెక్టు అన్నది, వారి కాగితానికి అది చాలు. అయితే మీ ముగ్గురూ మీ మీ పనుల్ని సకాలంలో చేసినా తోట రాలేదు. బోరులో నీరు పడిన రోజు దాకా పైపులకు బయానా తప్ప మిగతా డబ్బు కట్టకూడదని, మోటారు ఎంత నీరు ఎత్తుతుందో చూశాకే మొక్కల సంఖ్య ఖాయం చేయాలని చెప్పే మనిషి ఇంట్లో ఎవరూ లేరు. ఆ మనిషి చేసే పనే ప్రోగ్రాం నిర్వహణ. నిమ్మ నాలుగో ఏడు ప్రాంతంలో గాని చెప్పుకోదగ్గ కాపుకు రాదు కాబట్టి, నాటడం ముగిసిన రోజు ప్రాజెక్టు ముగుస్తుంది, ప్రోగ్రాం మాత్రం కాయ అంగడికి చేరేదాకా సాగుతుంది.

ఇప్పుడు నా ప్రశ్న. బోరు ఎండిన తరువాత మీ నాన్నగారు ఏం చేశారు?

మస్తాన్: ఇంటి కప్పుకు ఉంచిన లక్షకు మరికొంత కలిపి వేరే చోట రెండో బోరు వేయించారు. చెల్లెలి చదువు డబ్బు ముట్టనని ముందే అన్నారు. 380 అడుగుల దగ్గర ఓ మోస్తరు నీరు పడింది. మూడు ఎకరాల తోట ఒకటిన్నర ఎకరమైంది. కప్పు మీద ఆ వానాకాలం టార్పాలిన్ కప్పుకున్నాం.

వెంకటరమణయ్య: మీ నాన్నగారు ఆ రోజు తీసుకున్నది పోర్ట్‌ఫోలియో నిర్ణయం. తోటకూ, చదువుకూ, కప్పుకూ మధ్య పని రీత్యా సంబంధం లేదు. కప్పు వేయకపోతే నిమ్మ మొక్క ఎండదు, తోట పోతే చెల్లెలి పాఠాలు ఆగవు. వాటిని ఒక చోట కూర్చోబెట్టింది ఒకే డబ్బు సంచి, ఒకే ఇంటి క్షేమం. అక్కడ ప్రశ్న ఈ పని ఎలా పూర్తిచేయాలన్నది కాదు. ఉన్న డబ్బులో దేన్ని ఉంచాలి, దేన్ని వాయిదా వేయాలి, దేన్ని తగ్గించాలి అన్నది. విద్యార్థికి ఒక పరీక్ష చెప్పవచ్చు. ఒక పనిని ఆపినప్పుడు పక్క పని అర్థం కోల్పోతే ఆ రెండూ ఒక ప్రోగ్రాంలో ఉండాల్సినవి. పక్క పనికి ఏమీ కాకుండా డబ్బు మాత్రమే మిగిలితే అవి ఒక పోర్ట్‌ఫోలియోలో పొరుగువి.

ఫణి: ఈ పరీక్ష పెట్టి చూస్తే మా కార్యాలయంలో ప్రోగ్రాం అని పిలిచేవాటిలో రెండు నిజానికి ప్రోగ్రాములు కావు. ఒకే ఖాతాదారుడివి అన్న కారణంతో సంబంధం లేని అయిదు పనులకు ఆ పేరు పెట్టారు. ఒకటి రద్దయినప్పుడు మిగతా నాలుగింటికీ ఏమీ కాలేదు. పరిమాణం గురించి నేను రాసింది ఉపసంహరించుకుంటున్నాను. ఒక సందేహం మాత్రం ఉంది. మస్తాన్ గారి ఇంట్లో గేదెలుంటే, రోజూ పాలు పితికి కేంద్రంలో పోయడం ఆ పోర్ట్‌ఫోలియోలోకి వస్తుందా?

వెంకటరమణయ్య: వస్తుంది. దాణాకూ ఆ సంచిలో నుంచే డబ్బు పోతుంది, పాల డబ్బు ఆ సంచిలోకే వస్తుంది. ప్రాజెక్టు కాని రోజువారీ పని కూడా పోర్ట్‌ఫోలియోలో ఉండవచ్చు. విద్యార్థులు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

లలిత: చర్చ మేనేజ్‌మెంట్ వైపు వెళ్లింది కనుక మాటల సంగతికి తిరిగి వస్తున్నాను. పోర్ట్‌ఫోలియో ఇటాలియన్ నుంచి వచ్చిన మాట, కాగితాలు మోసుకుపోయే సంచి అని దాని మూలార్థం. మంత్రి శాఖకూ, చిత్రకారుడి బొమ్మల సంచికీ, షేర్ల జాబితాకూ ఆ పేరు అలా వచ్చింది. రమణయ్య గారు తెలియకుండానే “డబ్బు సంచి” అన్నారు. తెలుగులో నేను “పనుల పద్దు” అని సూచిస్తాను. శాసనసభలో పద్దులపై చర్చ అంటే దేనికి ఎంత ఇవ్వాలన్న చర్చే గదా. ప్రోగ్రాంకు “పథకం” సరిపోతుంది.

శారద: పద్దు నాకు నచ్చింది గానీ ఒక అభ్యంతరం ఉంది. పద్దు డబ్బును మాత్రమే చూపుతుంది, పోర్ట్‌ఫోలియోలో మనుషుల సమయాన్ని పంచడం కూడా ఉంటుంది. మస్తాన్ గారి ఇంట్లో డబ్బుతో పాటు బాబాయి చేతులు కూడా ఒకటే జతగా ఉన్నాయి. పథకం విషయంలో నా భయం ఇంకా ఎక్కువ. పథకం అనగానే మన విద్యార్థి ప్రభుత్వం ఇచ్చే సాయం అనుకుంటాడు, ప్లాన్‌కు కూడా మనం పథకమే అంటాం.

లలిత: అలాగైతే “కార్యక్రమం”లోని క్రమం అన్న భాగాన్ని వదులుకోకూడదు. ముందు బోరు, తరువాత పైపు, ఆ తరువాత మొక్క అన్న వరుస ఆ మాటలోనే ఉంది. నాట్య ప్రదర్శన అర్థం ఉందని దాన్ని విడిచిపెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

శారద: ఆ కోణంలో నేను ఆలోచించలేదు. వచ్చే వారం తరగతిలో ప్రోగ్రాం, కార్యక్రమం రెండూ బోర్డు మీద రాసి, పద్దు అన్న మాటను పిల్లల ముందు పెట్టి, వాళ్లు దేన్ని పట్టుకుంటారో ఇక్కడ రాస్తాను. మస్తాన్ గారూ, ఒకటిన్నర ఎకరంలో మొక్కలు ఇప్పుడు ఎలా ఉన్నాయి?

మస్తాన్: రెండో ఏడు నడుస్తోందండి. మిగిలిన పైపులు బాబాయి చేలో వేశాం. కప్పు ఈ వేసవిలో వేయించాలని నాన్న అంటున్నారు, అమ్మ మాత్రం ముందు చెల్లెలి హాస్టల్ బాకీ తీర్చమంటోంది.

వెంకటరమణయ్య: అమ్మగారి మాట కూడా పద్దులోదే. ఆ మాటకొస్తే, ఎవరి మాట నెగ్గాలో తేల్చే మనిషికి తెలుగులో ఏ పేరు పెట్టాలో లలిత గారు చెప్పాలి. యజమాని అంటే సరిపోతుందా?

లలిత: సరిపోదనే అనుకుంటున్నాను. ఆ ఇంట్లో డబ్బు నాన్నగారి చేతిలో ఉంది, లెక్క అమ్మగారి దగ్గర ఉన్నట్టుంది. కాస్త వ్యవధి ఇవ్వండి.